పాతికేళ్ళ కాపురానికి సమబాహు త్రిభుజం

విజయనగరంలో సిల్వర్ జూబ్లీ పెళ్ళిరోజులకి ఇప్పుడు ఒక సీజనే వచ్చేసిందని మీకు నేను చెప్పక్కర్లేదు. ఏ కల్యాణ మండపం ముందు చూసినా ఒక ఫ్లెక్సీ, అందులో పొట్ట లోపలికి పీల్చి నిలబడ్డ ఒక పెద్దమనిషి, పక్కన ఎండకి కళ్ళు చికిలించిన ఆయన భార్య. జీలకర్రా బెల్లం మళ్ళీ పెడతారు, తలంబ్రాలు మళ్ళీ పోస్తారు, పొగ మెషిను, డ్రోను. భోజనాలు బాగుంటాయి కాబట్టి ఇవన్నీ ఓర్చుకుంటాం. కానీ మొన్న, వరసకి నాకు బాబాయి అయ్యే ఒకాయన ఫంక్షన్‌లో ఎల్‌ఈడీ తెర మీద త్రిభుజం వేశారు. నా ఓర్పు అక్కడితో సరి.

వేసింది వాళ్ళబ్బాయి. బెంగళూరులో సాఫ్ట్‌వేరు. ఏదో ఆఫీసు ట్రైనింగ్‌లో ఎవరో చెప్పారట, ప్రేమకి మూడు మూలలుంటాయని, దాన్ని కొలవొచ్చని. ఆ చెప్పినదాంట్లో తప్పేం లేదు. రాబర్ట్ స్టెర్న్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త 1986లో ప్రతిపాదించిన సిద్ధాంతమే అది. మోహం ఒక మూల, సాన్నిహిత్యం ఒక మూల, కమిట్‌మెంట్ ఒక మూల. మోహం ఒక్కటే ఉంటే దాన్ని మోజు అనుకోవచ్చు, కాలేజీ బస్టాపులో మనందరం చూసిందే. మోహానికి సాన్నిహిత్యం తోడైతే సినిమా వాళ్ళు చూపించే ప్రేమ. సాన్నిహిత్యమూ కమిట్‌మెంటూ ఉండి మోహం చల్లారితే మంచి పాత కాపురం. ఒక్క కమిట్‌మెంట్ మాత్రమే మిగిలితే దాన్ని ఆయన ఖాళీ ప్రేమ అన్నాడు. ఈ ఖాళీ ప్రేమ దగ్గరికి మళ్ళీ వస్తాను, వదిలిపెట్టను.

స్టెర్న్‌బర్గ్ తయారుచేసిన ప్రశ్నపత్రంలో 45 వాక్యాలుంటాయి, మూలకి 15 చొప్పున. ఒక్కో వాక్యానికి 1 నుంచి 9 దాకా మార్కు వేసుకోవాలి. మన బెంగళూరు బాబు దాన్ని మూడు ప్రశ్నలకి కుదించేశాడు, పైగా పదికి మార్కులు. మన ఇళ్ళలో తొమ్మిదికి మార్కులంటే ఎవరికీ నచ్చదు కదా.

బాబాయి మైకు తీసుకున్నారు. మోహం తొమ్మిది, సాన్నిహిత్యం తొమ్మిది, కమిట్‌మెంట్ పదికి పది. చప్పట్లు. యాంకరమ్మాయి "అంకుల్ ఇంకా యంగ్!" అంది. ఈల కూడా వేశారెవరో. తరవాత పిన్ని వంతు. "అమ్మా, నాన్న మీద నీ ప్యాషన్ ఎంత?" అని ఊరందరి ముందూ, వియ్యాలవారి ముందూ, పురోహితుడి ముందూ అడిగాడు సుపుత్రుడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "ఏట్రా ఆ మాటలు, పెద్దోళ్ళున్నారు" అంది. అప్పుడు బాబాయి మైకు వదలకుండానే, "మీ అమ్మకి కూడా తొమ్మిదే వెయ్యిరా, నాకు తెలీదేటి?" అన్నారు. వేసేశాడు. మూడింటికీ నాన్న మార్కులే వేసేశాడు. రెండు త్రిభుజాలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి, చుట్టూ గులాబీ రేకులు రాలాయి, పర్ఫెక్ట్ కపుల్ అని అక్షరాలు మెరిశాయి. అంటే ఒకే మనిషి ఇద్దరి పేపర్లూ రాసి ఇద్దర్నీ స్టేట్ ఫస్ట్ పాస్ చేసుకున్నాడు.

ఆ స్టెర్న్‌బర్గ్ చెప్పిన అసలు సంగతి ఇక్కడే పోయింది. జంటకి ఒక త్రిభుజం ఉండదు. ఆమెది ఆమెకి, ఆయనది ఆయనకి. ఆమె మనసులో ఉన్నది ఒకటి, ఆమె మనసులో ఉందని ఆయన అనుకుంటున్నది ఇంకొకటి. మళ్ళీ తనకి ఎలాంటిది కావాలని కోరుకుందో అది వేరు. ఈ బొమ్మల మధ్య తేడా ఎంతుందో చూడ్డానికే ఇదంతా. కాపురంలో ఎక్కడ సుఖం లేదో చూపించేది ఆ తేడాలే. తేడా కనపడకుండా రేకులు పోశాక ఇంక కొలవడం దేనికి?

మోహానికి తొమ్మిది సంగతి కూడా చూద్దాం. పాతికేళ్ళ తరవాత కూడా అది నిజంగానే ఉన్నవాళ్ళుంటారు, లేరనను. కానీ మామూలుగా దాని నడక వేరు. గబుక్కున లేస్తుంది, అలవాటు పడ్డాక దిగుతుంది. ఇది స్టెర్న్‌బర్గ్ సొంత ఊహేం కాదు, రిచర్డ్ సాలమన్ అనే మరో మనస్తత్వవేత్త ఆలోచన నుంచి తీసుకున్నాడు. పొద్దున్నే కాఫీ తాగేవాడిని చూడండి. మొదట్లో ఒక కప్పుకే హుషారు, కొన్నాళ్ళకి ఎన్ని తాగినా మామూలే, మానేస్తే మాత్రం తలనొప్పి. మనిషి అలవాటైపోవడమూ ఇలాగేనని ఆయన లెక్క. ఆ మనిషి పోయినప్పుడు ఉత్తినే మునుపటి స్థితికి రాం, దానికి కిందకి పడి, మెల్లగా పైకి తేలతాం. కమిట్‌మెంట్ నడక దీనికి వేరు: మెల్లగా మొదలై, ఊపందుకుని, ఒకచోట నిలబడుతుంది. కాబట్టి పాతికేళ్ళ కాపురాన్ని స్టేజీ మీద మోహంతో కొలవడమంటే, తగ్గడమే స్వభావంగా ఉన్నదాన్ని పట్టుకుని తగ్గలేదని అందరి చేతా అబద్ధమాడించడం.

ఇంతలో ఒక రిటైర్డు పెద్దాయన మైకు లాక్కున్నారు. ప్రతి మండపంలోనూ ఒకరుంటారు, అద్దెలో భాగం అనుకుంటాను. "పెద్దలు కుదిర్చిన పెళ్ళిలో ప్రేమ పెరుగుతుంది, ప్రేమపెళ్ళిలో తరుగుతుంది, ఇది సైంటిస్టులు ప్రూవ్ చేశారు!" అని గర్జించారు. ఆయన చెప్పేది ఏమిటో నాకు తెలుసు. 1982లో ఉషా గుప్తా, పుష్పా సింగ్ అనే ఇద్దరు జైపూర్‌లో చేసిన చిన్న అధ్యయనం, మొత్తం 50 జంటలు. అవే జంటల వెనక ఏళ్ళ తరబడి తిరిగి చూసింది కాదు, పెళ్ళయి ఇన్నేళ్ళయినవాళ్ళు, అన్నేళ్ళయినవాళ్ళు అని వేరువేరు జంటల్ని పోల్చింది. తరవాత 2012లో అమెరికాలోని భారతీయుల మీద చేసినదాంట్లో రెండు రకాల పెళ్ళిళ్ళకీ తేడానే కనపళ్ళేదు. అది ఎవరూ వాట్సాప్‌లో పంపరు. కుదిర్చిన పెళ్ళి ఖాళీ ప్రేమతో మొదలవ్వొచ్చు, తరవాత మిగతా రెండూ వచ్చి చేరొచ్చని స్టెర్న్‌బర్గే అన్నాడు. వచ్చి చేరొచ్చు అన్నాడు పెద్దాయనా, చేరతాయని స్టాంపు పేపరు మీద రాసివ్వలేదు.

మరి చేరాయో లేదో ఎలా తెలుస్తుంది? ఇదే చిక్కు. బాగా కలిసిపోయిన ఇద్దరి మధ్య సాన్నిహిత్యం పైకి కనపడ్డం మానేస్తుంది. ఎలెన్ బెర్షైడ్ అనే ఆవిడ 1983లో దీనికి కారణం చెప్పింది, స్టెర్న్‌బర్గ్ దాన్ని వాడుకున్నాడు. మన రోజువారీ వరసకి అడ్డం పడ్డప్పుడే ఉద్వేగం పుడుతుంది. ఒకరినొకరు పూర్తిగా ఎరిగినవాళ్ళకి ఏదీ అడ్డం పడదు, కాబట్టి ఏమీ అనిపించదు. అడుగున ఉంటుంది, పైకి రాదు. సాన్నిహిత్యం పోయిన కాపురంలో కూడా ఏమీ అనిపించదు. రెండూ బయటికి ఒకేలా ఉంటాయి: ఒకరు టీవీ, ఒకరు ఫోను, మధ్యలో ఫ్యాను చప్పుడు. తేడా తెలియాలంటే వరస తెగాలి.

మా వీధిలో బ్యాంకులో చేసి రిటైరైన ఒకాయన ఉన్నారు. భార్యతో మాట్లాడితే పోట్లాటే, లేకపోతే లేదు. కూతురి పురుడికని ఆవిడ హైదరాబాదు వెళ్ళారు. ఆ నెలల్లో ఆయన సంతకి వెళ్ళి ఇద్దరికి సరిపడా కూరలు తెచ్చేవారు. రెండు కట్టల తోటకూర, అరకిలో వంకాయలు. తెచ్చాక గుర్తొచ్చేది. మా గుమ్మం ముందు నిలబడి "ఎక్కువైపోనాయండీ, మీరు వండుకోండి" అనేవారు. ఆ వంకాయలు ఆయనకి పడవు కూడా, దురద. ఆవిడకిష్టం. ఫోన్లో మాత్రం యథాప్రకారం పోట్లాటే.

అదే మా పిన్ని పెద్దకూతురి పురుడికెళితే బాబాయి అందరికీ ఫోన్లు చేసి బెంగపడ్డారు. ఎంత ప్రేమో అని బంధువులు కరిగిపోయారు. మూడో రోజుకి వంటమనిషి దొరికింది. బెంగ పోయింది.

పరీక్ష పెట్టేవాళ్ళు చూసుకోవాల్సింది ఇదే. వరస తెగినప్పుడు బాధ అందరికీ వస్తుంది. తెగింది మనిషితోనా, మనిషి చేసే చాకిరీతోనా? చాకిరీకి ఇంకొకరు దొరకగానే బాధ పోతే అది సాన్నిహిత్యం కాదు, స్టాఫ్ షార్టేజీ. మన విజయనగరం వైపు గల్ఫుకీ, చెన్నైకీ, ఓడల మీదకీ మనుషుల్ని పంపిన ఇళ్ళన్నీ ఈ పరీక్ష రాస్తూనే ఉన్నాయి, మార్కులు ఎవరూ అడగలేదు.

ఆఖర్న క్విజ్. మేడమ్‌కి ఇష్టమైన రంగేంటి అంటే బాబాయి ఆకుపచ్చ అన్నారు, తప్పు, అందరూ నవ్వారు. పిన్నిని ఆయన గురించి అడిగారు. బీపీ మాత్ర పేరు, మిల్లీగ్రాములతో సహా. టీలో పంచదార ఎంత. చొక్కా సైజు. ఏ కూర ఏ రోజు పడదు. గడగడా చెప్పింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది, అదీ ప్రేమంటే అని.

అది ప్రేమో కాదో మీకెలా తెలుసండీ? ఆవిడకి తెలియకపోతే ఆ ఇంట్లో ఏం జరుగుతుందో నేను చిన్నప్పట్నుంచీ చూశాను, కంచం గోడకి తగిలిన చప్పుడు నా చెవిలో ఇంకా ఉంది. సాన్నిహిత్యమంటే ఇద్దరూ ఒకరినొకరు ఎరగడం, ఒకరికొకరు ఆసరా అవడం. అది ఒకవైపు నుంచి జరగదు. ఆవిడకి గర్భసంచి తీసేసినప్పుడు హాస్పిటల్లో పడుకున్నది మా అమ్మ. ఆయన ఒకపూట వచ్చి డిశ్చార్జి ఎప్పుడో కనుక్కుని వెళ్ళిపోయారు, ఇంట్లో వంట ఇబ్బందిగా ఉందట. ఇప్పుడడిగితే అది ఏ ఏడాదో కూడా చెప్పలేరు. ఆవిడ రెండుసార్లు పుట్టింటికి వచ్చేసింది. రెండుసార్లూ ఇదే మైకు పెద్దమనుషులు సర్దుకుపొమ్మని వెనక్కి పంపారు. ఇంకో దారి లేనివాళ్ళు ఉండిపోవడాన్ని మీరు కమిట్‌మెంట్ అని పదికి పది వేసుకుంటున్నారు, సిగ్గుండాలి. స్టెర్న్‌బర్గ్ ఆ మూలని రెండుగా విడదీశాడు: ఈ మనిషిని ప్రేమిస్తున్నానని తేల్చుకోవడం ఒకటి, ఆ ప్రేమని నిలుపుకుంటానని కట్టుబడటం రెండోది. ఒకటి లేకుండా రెండోది ఉండొచ్చని కూడా అన్నాడు. మొదటిది పిన్నిని ఎవరూ, ఎప్పుడూ, ఒక్కసారి కూడా అడగలేదు. పాతికేళ్ళ తరవాత కొడుకు అడిగాడు, జవాబు బాబాయే చెప్పేశారు.

బొబ్బిలిలో వచ్చే నెల ఇంకో జూబ్లీ ఉందని, మళ్ళీ అదే త్రిభుజం అని విన్నాను. ఆ ఇంటి పిల్లలకి ఒక్క మనవి. మూడు ప్రశ్నలు కాదు, మొత్తం 45 వాక్యాలూ తెలుగులో రాయించండి. రెండు కాపీలు తీయండి. మీ అమ్మని ఒక గదిలో, నాన్నని ఇంకో గదిలో కూర్చోబెట్టండి, మైకు, డ్రోను, మేనత్తలు ఎవరూ లోపలికి రాకూడదు. నాన్నకి ఇంకో కాపీ అదనంగా ఇచ్చి, మీ అమ్మ ఏ మార్కులు వేసి ఉంటుందో ఊహించి నింపమనండి. మీ అమ్మ నింపిన కాగితం మీరు కూడా చూడకండి, ఆవిడకి చూపించాలనిపిస్తే ఆవిడే చూపిస్తుంది. ఆ గదికి గడియ మాత్రం లోపలివైపు ఉండేలా చూసుకోండి, లేకపోతే మధ్యలో టీ ఎక్కడా అని అడగడానికి ఆయన వచ్చేస్తారు.