మితభాషుల జిల్లా

నల్లగొండ జిల్లా వాళ్లు మితభాషులన్న రహస్యాన్ని బయటపెట్టిన ఘనత, విదేశాలకు వెళ్లాలనుకునేవాళ్లు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్టీఎస్‌కే దక్కాలి. సాగర్ గేట్లు ఎందుకు ఎత్తలేదో, ఎత్తితే ఎడమ కాలువ చివరి భూములకు ఏమవుతుందో గడియారం సెంటరులో టీ తాగుతూ గంటసేపు చెప్పగల యువకుడు, స్పీకింగ్ పరీక్ష మూడో భాగంలో మహామౌని అయిపోతాడు.

ఆ భాగం నాలుగైదు నిమిషాలే. రెండో భాగంలో నీళ్లున్న ఒక చోటు గురించి మాట్లాడించారనుకోండి, ఇక్కడ ప్రశ్న ఊరు దాటి లోకం మీదికి పోతుంది. ‘నీటిని కాపాడే బాధ్యత ప్రజలదా, ప్రభుత్వానిదా?’ మనవాడు ‘ఇద్దరిదీ’ అని తీర్పు చెప్పి కుర్చీలో వెనక్కి వాలతాడు. సత్యమే. కానీ అభిప్రాయానికి మార్కులు లేవు. ధారాళత, పదసంపద, వ్యాకరణం, ఉచ్చారణ ఈ నాలుగింటికే సమానంగా వేస్తారు. ఒక్క మాటలో ఇవన్నీ వెతకడానికి పరీక్షాధికారి ఏమైనా జ్యోతిష్కుడా?

కోచింగ్ వాళ్లు దీనికి మందు కనిపెట్టారు. ‘ఆధునిక సమాజంలో ఇది ఎంతో ముఖ్యమైన అంశం’ అంటూ మొదలయ్యే ఆ పేరా నీటికీ, పెళ్లికీ, అంతరిక్షానికీ ఒకేలా సరిపోతుంది. బట్టీ పాఠం గలగలా సాగి, ‘ఎందుకలా?’ అని అడగగానే టక్కున ఆగిపోతుంది. అవతలివారికి ఆనవాలు అదే.

టీ కొట్టు విద్యనే ఇంగ్లీషులో వాడితే ఏం పోయింది? ‘ముందు ప్రభుత్వానిదే, ఎందుకంటే నీటి వనరులు ఇంటివాళ్ల చేతిలో ఉండవు. మా జిల్లాలో చాలా ఊళ్ల బోర్లలో ఫ్లోరైడ్ ఉండేది. ఎంత పొదుపుగా వాడినా అది పోదు, నది నీళ్లు పైపుల్లో తేవాల్సిందే. ఒకవేళ ప్రతి ఇంటికీ మీటరు పెడితే జనం జాగ్రత్తపడతారు, కానీ పేదలకు భారమవుతుంది.’ కారణం, ఉదాహరణ, ఊహ మూడూ వచ్చాయి, అర నిమిషం నిండింది. ఆ ఊహను ఇంగ్లీషులో చెప్పేటప్పుడు మీటరు పెట్టే సగంలో భూతకాల క్రియ, జనం జాగ్రత్తపడే సగంలో ‘వుడ్’ రావాలి. మనవాళ్లు ఉదారంగా రెండు సగాల్లోనూ వుడ్ పెడతారు.

ఉదాహరణతో ఇంకో గండం. మామయ్య బోరు వేయించిన కథ ఎత్తుకుంటే దానికి అంతుండదు. ఇక్కడ అడిగేది సమాజం గురించి కాబట్టి, ‘చాలా పల్లెల్లో ఇదే పరిస్థితి’ అని ఒక్క వాక్యంతో మామయ్యను ఇంటికి పంపేయాలి. పంపకపోతే పరీక్షాధికారే మధ్యలో ఆపి తరువాతి ప్రశ్నకు వెళతారు. అది కోపం కాదు, సమయపాలన. ఈ సంగతి తెలియని మావాడొకడు, ‘ఆగండి సార్, బోరులో ఇంకా నీళ్లు పడలేదు’ అన్నాడట.