శైలి మారితే షోకాజ్ నోటీసా?

స్నాతకోత్తర విద్యార్థిని సిద్ధాంత వ్యాసంలో మూడో అధ్యాయం చదువుతుండగా గైడుకు అనుమానం వచ్చింది. రావడంలో తప్పు లేదు. ఆ అధ్యాయం చదివి కూడా రాకపోయి ఉంటే ఆయన దాన్ని చదవలేదనే అనుకోవాల్సి వచ్చేది. మొదటి రెండు అధ్యాయాల్లో ఒక్కో వాక్యంలో మూడేసి విషయాలు కుక్కుతూ, క్రియ ఎక్కడ పెట్టాలో తేల్చుకోలేక తడబడిన రచన మూడో అధ్యాయంలో ఉన్నట్టుండి తేటపడింది. ఆ తరువాత జరిగినదే మా అభ్యంతరం. ఆయన విద్యార్థినితో ఒక్క మాటైనా మాట్లాడలేదు. అధ్యాయాన్ని సారూప్యత తనిఖీ సాఫ్ట్‌వేర్‌లో వేశారు, 31 శాతం అన్న అంకె వచ్చింది, దానికి ఒక లేఖ జతచేసి క్రమశిక్షణ సంఘానికి పంపేశారు. రెండేళ్లుగా తన గది తలుపు తట్టిన మనిషికి ఈ సంగతి షోకాజ్ నోటీసు ద్వారా తెలిసింది.

గైడ్లకు పనిభారం ఎక్కువని, సొంత విద్యార్థి విషయంలో తామే తీర్పు చెప్పడం కంటే సంఘానికి అప్పగించడమే నిష్పాక్షికమని వాదించేవారు ఉన్నారు. తీర్పు విషయంలో ఆ మాట నిజమే. ఇక్కడ అప్పగించింది తీర్పును కాదు, చదివే పనిని. ఈ పద్ధతి ఒకసారి చెల్లుబాటైతే రేపటి నుంచి ప్రతి గైడుకూ ఇదే దారి అవుతుంది. శైలి మారిందన్న అనుమానమే ఆరోపణగానూ, యంత్రం ఇచ్చిన అంకె రుజువుగానూ నిలబడిపోతాయి. అప్పుడు రెండేళ్ల శిక్షణలో నిజంగానే బాగా రాయడం నేర్చుకున్న విద్యార్థి సైతం అనుమానితుల జాబితాలోకే వెళతాడు.

అనుమానం వచ్చిన గైడు మొదట చేయాల్సిన పని పాత చిత్తుప్రతులు ముందు పెట్టుకుని మళ్లీ చదవడం. శైలి మారిన అతుకు సరిగ్గా ఎక్కడ ఉందో పెన్సిలుతో గుర్తించాలి. అధ్యాయానికీ అధ్యాయానికీ మధ్య శైలి మారడం పెద్ద సాక్ష్యం కాదు. రెండో అధ్యాయం రాశాక ఆరు నెలలు గడిచి ఉండవచ్చు, పరిశోధన పద్ధతిని వివరించే అధ్యాయం స్వభావరీత్యానే పొడిగా, ఒక మూసలో నడుస్తుంది. అతుకు ఒకే అధ్యాయం మధ్యలో, ఒకే వాదన నడుస్తున్న చోట కనిపిస్తే దానికి బరువు ఎక్కువ. వాక్యాల సొగసు కంటే చిన్న విషయాలే ఇక్కడ నమ్మదగిన ఆధారాలు: ఒకే భావనకు హఠాత్తుగా వేరే పదం రావడం, ఉటంకించే పద్ధతి మారడం, వెనకటి అధ్యాయాల ప్రస్తావన పూర్తిగా మాయమవడం.

ఈ కేసులో ఆ పని ఎవరైనా చేసి ఉంటే ఏం తేలేదో ఇప్పుడు బయటపడింది. నగర రవాణాపై 24 మందిని ఇంటర్వ్యూ చేసి రాసిన వ్యాసం ఇది. వివాదాస్పద అధ్యాయం 28 పుటలు. అందులో అతుకు అధ్యాయం మొదట్లో లేదు. తొమ్మిదో పుటలో మొదలై పద్నాలుగో పుటలో ముగిసింది. వ్యాసమంతా ‘రాకపోకలు’ అని రాసిన విద్యార్థిని ఆ ఆరు పుటల్లో మాత్రం ‘చలనశీలత’ అని రాసింది. అంతకంటే పట్టి ఇచ్చేది మరొకటి ఉంది. ఆ పుటల్లో ఉటంకించిన ఒక పుస్తకం పుట సంఖ్యలు పాత ముద్రణవి; వ్యాసం చివరి గ్రంథసూచిలో ఉన్నది కొత్త ముద్రణ. చేతిలో ఉన్న పుస్తకం ఒకటి, ఉటంకించిన పుస్తకం మరొకటి అయితే, మధ్యలో మూడో పుస్తకం ఏదో ఉందని అనుభవం ఉన్న గైడు ఇట్టే పసిగట్టాలి. దీనికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, అరగంట ఓపిక చాలు.

మరి ఆ 31 శాతం సంగతేమిటి? అందులో పెద్ద వాటా అధ్యాయంతో పాటు వేసిన గ్రంథసూచిది. మిగిలినదానిలో చాలా భాగం ఇంటర్వ్యూకు ముందు తీసుకునే అంగీకార పత్రం పాఠం, నమూనా ఎంపిక గురించి ఆ విభాగంలో అందరూ రాసే మామూలు వాక్యాలు. గ్రంథసూచినీ ఉటంకింపులనూ లెక్కలోంచి తీసేసే వీలు ఇలాంటి సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. ఆ అమరికను ఎవరూ ముట్టుకోలేదు. ఈ పరికరాలు చూపేది పాఠాల మధ్య పోలికనే తప్ప చౌర్యాన్ని కాదు. పోలికలు దొరికిన ప్రతి చోటునూ తెరిచి, మూలంతో పక్కపక్కన పెట్టి చదివితేనే ఆ నివేదికకు అర్థం. పై అంకె చూసి మూసేస్తే అది రెండు వైపులా మోసం చేస్తుంది. డబ్బిచ్చి వేరొకరితో కొత్తగా రాయించిన అధ్యాయానికీ, వేరే భాషలోంచి అనువదించి పెట్టిన అధ్యాయానికీ చాలా తక్కువ శాతం వచ్చే అవకాశం ఉంది. అంటే ఈ పద్ధతి పూర్వోదాహరణగా స్థిరపడితే నిజమైన దొంగ దర్జాగా బయటికి నడుస్తాడు, పద్ధతిగా గ్రంథసూచి తయారుచేసిన విద్యార్థి దొరికిపోతాడు.

శైలిని లెక్కగట్టి రచయితను తేల్చవచ్చన్న ధీమా కూడా ఈ మధ్య వినిపిస్తోంది. ఆ శాస్త్రానికి గొప్ప చరిత్ర ఉన్న మాట వాస్తవం. అమెరికా రాజ్యాంగాన్ని సమర్థిస్తూ 1787-88లో వెలువడిన ఫెడరలిస్ట్ వ్యాసాల్లో హామిల్టన్ రాశారా, మాడిసన్ రాశారా అన్న వివాదంలో ఉన్న 12 వ్యాసాలు మాడిసన్‌వేనని గణాంక శాస్త్రవేత్తలు మోస్టెల్లర్, వాలెస్ 1964లో లెక్కలతో చూపారు. చిన్నాచితకా వ్యాకరణ పదాలను ఎవరు ఎన్నిసార్లు వాడారన్నదే వారికి ఆధారం. ‘అపాన్’ అనే ఇంగ్లిషు మాటను హామిల్టన్ తరచుగా వాడితే మాడిసన్ దాదాపుగా వాడలేదు. అయితే అక్కడ పోల్చడానికి పేర్లు తెలిసిన ఇద్దరు రచయితలు ఉన్నారు, ఆ ఇద్దరూ నిస్సందేహంగా రాసిన పాఠం కుప్పలుగా ఉంది. ఇక్కడ ఉన్నది ఒక విద్యార్థిని, ఇంకా రాయడం నేర్చుకుంటున్న చేయి, రెండు అధ్యాయాలు. ఆమె కాకపోతే ఎవరన్న ప్రశ్నకు పోల్చడానికి రెండో పేరే లేదు. మారిందని చెప్పగలిగే లెక్క ఎందుకు మారిందో చెప్పలేదు.

పాత చిత్తుప్రతులు తిరగేయడంలో గైడుకు ఇబ్బంది కలిగించే అంశం ఒకటుంది. అది తన చేతిరాతను తానే చూసుకోవడం. ఈ కేసులో పోలికకు ప్రమాణంగా తీసుకున్న రెండో అధ్యాయంలో పేరాకు పేరా గైడే తిరగరాసిన చోట్లు ఉన్నాయని ఇప్పుడు తెలిసింది. అలాంటప్పుడు విద్యార్థిని సొంత శైలి అని దేన్ని అంటున్నాం? ఒక అధ్యాయంలో తన వాక్యాలు చొప్పించి, మరో అధ్యాయంలో ఇతరుల వాక్యాలు ఉన్నాయేమోనని ఫిర్యాదు చేయడాన్ని ఏమనాలో పాఠకులే నిర్ణయించుకోవచ్చు. శైలి మార్పును ఆరోపణగా మలచే ముందు, ముందటి శైలిలో తన వాటా ఎంతో గైడు లెక్క తేల్చుకోవడం ఈ మొత్తం ప్రక్రియలో ఎవరూ అడగని మెట్టు.

ఆ తరువాత రావాల్సింది సంభాషణ. ఎప్పుడు ఏమి గమనించామో తేదీతో రాసి పెట్టుకోవాలి. ఏ దశలో నివేదించడం తప్పనిసరో సంస్థ నిబంధనల్లో చూసుకోవాలి. సందేహం ఉంటే విద్యార్థి పేరు చెప్పకుండా సంబంధిత అధికారిని అడగవచ్చు. విద్యార్థిని పిలిచేటప్పుడు ఏ అధ్యాయం గురించో ముందుగానే తెలిపి, నోట్సు, చిత్తుప్రతులు, కంప్యూటర్‌లో ఉన్న పాత ప్రతులు తెచ్చుకోమనాలి. ‘ఇది నువ్వు రాసిందేనా?’ అన్నది ప్రశ్న కాదు, ఉచ్చు. ‘ఈ భాగం ఎలా రాశావు, ఎన్ని వారాలు పట్టింది, ఇక్కడ ఈ పదాన్ని ఎందుకు ఎంచుకున్నావు, ఏం రాసి కొట్టేశావు?’ అని అడగాలి. తాను రాసిన మనిషికి కొట్టేసిన వాక్యాలు గుర్తుంటాయి. భయంతో నోరు పెగలని వారూ ఉంటారు గనుక, కాగితాలు చూసుకుని మళ్లీ వచ్చే వీలు ఇవ్వాలి. ఫైలులో కనిపించే మొత్తం ఎడిటింగ్ సమయాన్ని చూసి ఎగిరి గంతేయడమూ తగదు; వేరే ఫైలులో నెలల తరబడి రాసుకుని చివర్లో కొత్త ఫైలులోకి అతికిస్తే అది నిమిషాల్లోనే కనిపిస్తుంది. సంభాషణ ముగిశాక దాని సారాంశం రాసి ఒక ప్రతి విద్యార్థికి ఇవ్వాలి.

ఈ సంభాషణ ఎట్టకేలకు జరిగింది, గైడు గదిలో కాదు, ఐదుగురు కూర్చున్న విచారణ బల్ల ముందు. ఆమె నోట్సు పుస్తకం తెచ్చింది. ఏడాది కిందట గ్రంథాలయంలో ఒక సమీక్షా గ్రంథం నుంచి రాసుకున్న పుటలు అందులో ఉన్నాయి. ఏది ఆ పుస్తకపు వాక్యమో, ఏది తన మాటో గుర్తు పెట్టుకోలేదు. వ్యాసం రాసేటప్పుడు అక్కడక్కడా పదాలు మార్చి వాటిని దింపేసింది. పాత ముద్రణ పుట సంఖ్యలు వచ్చింది ఆ గ్రంథంలోంచే. అధ్యాయంలోని మిగతా పుటలు తేటపడడానికి కారణం ఒక భాషా సంపాదకుడు దిద్దడం; దాన్ని ఆమె కృతజ్ఞతల్లో పేర్కొనలేదు.

ఆమె తప్పు చేయలేదని మేము అనడం లేదు. ఆ ఆరు పుటలు మూలాన్ని పేర్కొని తిరగరాయాల్సినవే, సంపాదకుడి సాయం వెల్లడించాల్సిందే. కానీ అది ఇంకా చిత్తుప్రతి. పరీక్షకు సమర్పించిన వ్యాసంలో ఇదే దొరికితే సంఘానికి పంపడం గైడు విధి, అక్కడ దాచిపెట్టడమే నేరం. చిత్తుప్రతి దశలో దొరికితే అది బోధనాంశం, ‘మూలాన్ని చూస్తూ రాయకు, మూసి రాయి’ అని ఎదురుగా కూర్చోబెట్టి చెప్పాల్సిన పాఠం. వేరొకరితో రాయించిందన్న అభియోగం మోపి, నాలుగు నెలలు ఆమె పనిని ఆపేసి, చివరికి ఆ అభియోగాన్ని నిశ్శబ్దంగా వెనక్కి తీసుకోవడం బోధనా కాదు, విచారణా కాదు. ఇక ముందు ఏ విద్యార్థీ అసంపూర్ణమైన చిత్తుప్రతిని గైడుకు చూపే ధైర్యం చేయడు. నున్నగా చెక్కిన అధ్యాయాలే బల్ల మీదికి వస్తాయి, అతుకులన్నీ కనిపించకుండా పూడ్చినవి.

క్రమశిక్షణ సంఘం ఇప్పుడు విద్యార్థిని నుంచి సవరించిన అధ్యాయాన్ని నెల రోజుల్లో కోరింది. గైడును మాత్రం ఏమీ కోరలేదు. అదే ఫైలులో రెండో అధ్యాయం కూడా ఉండాలి, ఆయన ఎర్ర సిరాతో తిరగరాసిన పేరాలతో సహా. ఆ ప్రతిని బల్ల మీద పెట్టమని అడగడానికి ఐదుగురు సభ్యుల్లో ఒక్కరికీ నోరు రాలేదు.