సాయంత్రం 7 గంటల అంకె, తెల్లారేసరికి మారిన దిర్హామ్ రేటు

2022 నవంబర్ 10, గురువారం. దుబాయ్‌లో వెల్డర్‌గా పనిచేసే మా మేనమామ కొడుకు ఇంటికి 3,000 దిర్హామ్‌లు పంపాలి. "రేపు పంపుతాను బావా, రేటు ఇంకా పెరుగుద్ది" అన్నాడు. అంతకు ముందు నెలలో డాలర్ 83 రూపాయల దాకా వెళ్లింది కాబట్టి అలా అనుకోవడంలో తప్పేమీ లేదు. కానీ శుక్రవారం అతనికి దిర్హామ్‌కి పావలాకు పైగా తగ్గింది. మొత్తం మీద 800 రూపాయల పైనే పోయింది. ఉద్దానం పల్లెల్లో గల్ఫ్ డబ్బుతో నడిచే ఇళ్లలో అది చిన్న మొత్తం కాదు.

ఆ రాత్రి గల్ఫ్‌లో ఏమీ జరగలేదు. జరిగింది అమెరికాలో. మన గడియారంలో సరిగ్గా సాయంత్రం 7 గంటలకు, అంటే అక్కడ ఉదయం 8.30కి, అక్టోబర్ నెల ధరల పెరుగుదల అంకె విడుదలైంది: 7.7 శాతం.

మామూలుగా చూస్తే అది మంటెత్తే ధరలే. అయినా డాలర్ పడిపోయింది. ఎందుకంటే మార్కెట్ 7.9 శాతానికి సిద్ధపడి కూర్చుంది. ఆ 7.9 అప్పటికే డాలర్ ధరలో కలిసిపోయి ఉంది. కొత్తగా తెలిసింది 0.2 శాతం తేడా ఒక్కటే. అంకె పెద్దదా చిన్నదా అన్నది కాదు, అనుకున్నదానికి ఎంత దూరంలో వచ్చిందన్నదే ధరను కదుపుతుంది. మన పత్రికలు, టీవీలు అసలు అంకెను చెబుతాయి గానీ అంచనాను చాలాసార్లు చెప్పవు. అంచనా లేకుండా ఆ వార్త సగమే.

ఇంత చిన్న తేడాకు అంత కదలిక ఎందుకంటే దాని వెనుక వడ్డీ రేటు ఉంది. అమెరికా కేంద్ర బ్యాంకు ఫెడ్ అప్పటికి వరుసగా నాలుగు సమావేశాల్లో ముప్పావు శాతం చొప్పున వడ్డీ పెంచింది. ధరలు అనుకున్నంత పెరగలేదంటే డిసెంబర్‌లో అర శాతంతో ఆగుతుందని అందరూ లెక్క మార్చుకున్నారు (చివరికి అదే జరిగింది). వడ్డీ తక్కువొస్తుందంటే డాలర్లలో డబ్బు ఉంచుకునే ఆకర్షణ తగ్గుతుంది. ఈ లెక్క మారడానికి మనుషులు చదివేదాకా ఆగరు, కంప్యూటర్లే అంకెను చదివి క్షణంలోపే ఆర్డర్లు వేస్తాయి. ఉదయం డాలర్‌కు 146 దగ్గర ఉన్న జపాన్ యెన్ రోజు ముగిసేసరికి 141 దగ్గరికి బలపడింది.

మరి మన రూపాయి? మన దేశంలో బ్యాంకుల మధ్య రూపాయి మార్కెట్ మధ్యాహ్నం 3.30కే మూసేశారు. కానీ సింగపూర్, లండన్, న్యూయార్క్‌లలో రూపాయి మీద ఎన్‌డీఎఫ్ అనే ఒప్పందాలు నడుస్తూనే ఉంటాయి. వాటిలో ఒక్క రూపాయి నోటు కూడా చేతులు మారదు, తేడాను డాలర్లలో సరిచేసుకుంటారు. ఆ రాత్రే అక్కడ రూపాయి బలపడింది. శుక్రవారం ఉదయం ముంబయి మార్కెట్ తెరుచుకోగానే డాలర్ ధర దాదాపు ఒక రూపాయి తగ్గింది. మధ్యలో మెట్లు లేవు, ఒక్కసారే దూకింది. దిర్హామ్‌ను డాలర్‌కు 3.6725 దగ్గర కట్టేశారు కాబట్టి డాలర్ రూపాయి తగ్గితే దిర్హామ్ 27 పైసలు తగ్గుతుంది. 3,000 దిర్హామ్‌లకు 817 రూపాయలు. మా వాడి లెక్క అదే.

అదే రోజు పలాసలో ఆఫ్రికా నుంచి జీడిగింజలు దిగుమతి చేసుకుని, 50,000 డాలర్లు కట్టాల్సిన వ్యాపారికి దాదాపు 50,000 రూపాయలు మిగిలి ఉంటాయి. ముందే బ్యాంకుతో ఫార్వర్డ్ కాంట్రాక్ట్ రాసుకుని రేటు ఖాయం చేసుకున్నవారికి ఆ లాభం రాదు. అయినా నా ఓటు వారికే. వాళ్లకు సరుకు ఖరీదు ముందే తెలుసు, అమెరికా అంకె కోసం రాత్రంతా టెన్షన్ పడక్కర్లేదు.

నాకు అసలు భయం ఫోన్లలో ఫారెక్స్ యాప్‌లు పెట్టుకుని ఈ నిమిషాల్లోనే డబ్బు చేసుకోవాలనుకునే మన కుర్రాళ్ల గురించి. అంకె రాబోయే ముందు పెద్ద బ్యాంకులు తమ ధరలను వెనక్కి తీసుకుంటాయి. కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య తేడా ఒక్కసారిగా పెరుగుతుంది. నష్టం ఇంతకు మించకూడదని ముందే పెట్టుకునే స్టాప్‌లాస్ ఆర్డర్, పెట్టిన ధర దగ్గర కాకుండా ఎంతో దూరంలో అమలవుతుంది. దిశ సరిగ్గా పట్టినవాడు కూడా నష్టపోవచ్చు.

పైగా దిశ పట్టడమూ తేలిక కాదు. 2025 ఆగస్టు 1న అమెరికా ఉద్యోగాల లెక్కలో జులైలో 73,000 కొత్త ఉద్యోగాలని వచ్చింది. అంచనా కంటే తక్కువే. కానీ అంతకంటే గట్టి దెబ్బ కింది వరుసలో ఉంది: మే, జూన్ నెలలకు ముందు చెప్పిన లెక్కలోంచి 2,58,000 ఉద్యోగాలు తీసేశారు. పై అంకె ఒక్కటే చూసినవారికి ఆ రోజు డాలర్ ఎందుకంత పడిందో అర్థమై ఉండదు.

అనుమతి లేని ఫారెక్స్ ప్లాట్‌ఫారంల పేర్లతో రిజర్వు బ్యాంకు ఒక అలర్ట్ లిస్ట్ ప్రచురిస్తుంది. డబ్బు వేసే ముందు ఆ జాబితా చూడండి. ఇక మా వాడు ఇప్పుడు నెల జీతాన్ని రెండు భాగాలు చేసి, రెండు వేర్వేరు వారాల్లో పంపుతున్నాడు.