లావణ్య రికమెండేషన్ లెటర్ మీద వాదన

భీమవరంలో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ల్యాబ్. అనలిస్ట్ లావణ్య అడిగింది: "సార్, ఆక్వాకల్చర్‌లో ఎమ్మెస్‌కి అమెరికా అప్లై చేస్తున్నాను. రికమెండేషన్‌కి మీ పేరు ఇవ్వొచ్చా? లెటర్ నేనే రాసిస్తాను, మీరు సంతకం పెడితే చాలు."

మూర్తి (ఆఫీసు మేనేజర్): పెట్టేయండి రాజుగారూ. మా మేనల్లుడికి నేనిలాగే ఇచ్చాను, కష్టజీవి, క్రమశిక్షణ, చురుకు అని. టెక్సస్‌లో ఉన్నాడిప్పుడు.

రాజు (ల్యాబ్ మేనేజర్): మార్కులతో వెళ్లుంటాడండి. ఆ మూడు మాటలూ మన వాచ్‌మన్‌కీ సరిపోతాయి. ఎంతకాలం, ఏ పనిలో చూశానో రెండు వాక్యాల్లో చెప్పి, ఒక్క సంగతి విడమరిచి రాస్తాను.

మూర్తి: ఆ ఐస్ బాక్సుల గొడవేనా?

రాజు: ఆయ్, అదే. కాళ్ల మండలం వైపు రైతు ఒకాయన వచ్చి, అమ్మోనియా గట్టు మీద కిట్‌తో చూస్తే ఒకటి, మీ రిపోర్టులో ఇంకోటి అని అరిచాడు. మనమంతా రియేజెంట్ పాతబడిందన్నాం. ఈ పిల్ల అదే చెరువు నీళ్లు రెండేసి సీసాల్లో పట్టించి, ఒకటి ఐస్‌లో, ఒకటి ఎప్పట్లా బైకు మీద ఎండలో తెప్పించింది. ఐస్‌లోది గట్టు రీడింగ్‌కి దగ్గరగా వచ్చింది, రెండోది మారిపోయింది. సీసాలో బ్యాక్టీరియా ఊరుకోదుగా. ఆ తర్వాతే లేబుల్ మీద నీళ్లు పట్టిన టైమ్ రాయడం మొదలైంది. ప్రొఫెసర్ వెతికేది ఇలాంటి బుర్రనే.

మూర్తి: బాగుంది. యూనివర్సిటీ ఇచ్చే ఫారంలో టాప్ 5 శాతంలో ఉందని కూడా టిక్ కొట్టండి.

రాజు: నా కింద పనిచేసిన అనలిస్టులే 12 మంది. అందులో 5 శాతమంటే ఒక మనిషి కూడా రాడు! 12 మందిలో మొదటి ఇద్దరిలో ఒకరని లెటర్లో రాసి, ఫారంలో దానికి దగ్గరి గడి చూస్తాను.

మూర్తి: ఆ పిల్లే రాసిస్తే మీకు తలనొప్పి తప్పేది.

రాజు: రికమెండ్ చేసే ముగ్గురికీ తనే రాసిందనుకోండి, మూడూ ఒకే గొంతుతో ఉంటాయి, చదివేవాళ్లకి ఇట్టే దొరికిపోతుంది. పైగా లెటర్ చూసే హక్కు వదులుకుంటున్నానని అప్లికేషన్లో చాలామంది టిక్ పెడతారు. తను రాసిన లెటర్నే చూడనని టిక్ పెట్టడమేంటండీ! సీవీ, ఈ చదువు ఎందుకో తను రాసుకున్న ఎస్‌ఓపీ, ఆఖరి తేదీ మాత్రం ఇమ్మన్నాను. లెటర్ అప్‌లోడ్ చేసే లింక్ కూడా నా జీమెయిల్‌కి కాకుండా ఆఫీసు మెయిల్‌కి పంపించమన్నాను.

మూర్తి: మరి స్టాటిస్టిక్స్ రాదని రాస్తారట! సీటు మీరే పోగొట్టేలా ఉన్నారు.

రాజు: రాదని కాదండీ. రీడింగులు పక్కపక్కన పెట్టింది, ఆ తేడాని ఎంతవరకు నమ్మొచ్చో లెక్క కట్టలేదు. ఇక్కడ నేర్పేవాళ్లు లేరు, అందుకే ఈ కోర్సు అంటాను. అన్నీ పొగడ్తలే ఉంటే ఐస్ బాక్సు సంగతి కూడా అనుమానంగానే చదువుతారు.

మూర్తి: ఆ వాక్యంలో మొదటి సగం చదివి పక్కన పడేస్తే?

రాజు: పడేసేవాళ్లూ ఉంటారు. అదొక్కటీ ఇంకా తేల్చుకోలేదు. మిగతాది ఈ రాత్రికి రాస్తాను.