జేబులో వేసుకోవడానికి వీల్లేని లైసెన్సు

తిరుపతిలో కలర్ జిరాక్స్, లామినేషన్ షాపుల వాళ్లందరూ చందాలేసుకుని ఒక సన్మాన సభ జరపాలని నా విన్నపం. సన్మానం ఎవరికంటే, రోడ్డు మీద బండి ఆపి, ఫోన్లో లైసెన్సు చూపిస్తే మొహం చిట్లించి "ఇవన్నీ వద్దు, ఒరిజినల్ తీయ్" అనే దొడ్డ మనసున్న అధికారులకు. ఈ కాలంలో కూడా ఆ షాపుల్లో మిషన్లు వేడిగా ఉన్నాయంటే అది వాళ్ల చలవే. శాలువా కూడా లామినేషన్ చేసి కప్పితే బాగుంటుంది, అప్పుడైతే నమ్ముతారు.

మొన్న తిరుచానూరు రోడ్డులో తనిఖీ జరుగుతుంటే నా ముందు బైకు మీద ఒక కాలేజీ కుర్రాడున్నాడు. హెల్మెట్ ఉంది, నంబరు ప్లేటు సరిగ్గా ఉంది, వెనక ఇద్దరు లేరు. అంటే అనుమానించదగ్గ మనిషే. ఫోన్ తీసి డిజిలాకర్ తెరిచి లైసెన్సు చూపించాడు. సారు ఫోన్ అందుకున్నారు. ముందువైపు చూశారు. తిప్పి వెనకవైపు చూశారు. వెనక కవరులో శ్రీవారి బొమ్మ ఉంది. లైసెన్సు కంటే దాన్నే ఎక్కువసేపు చూశారు. మళ్లీ ఇటు తిప్పేసరికి స్క్రీన్ ఆరిపోయింది. కుర్రాడు వేలు పెట్టి తెరిచాడు. అంతలో ఫోన్ మోగింది. "మీ అమ్మ చేస్తా ఉంది" అన్నారు సారు, ఫోన్ మాత్రం ఇవ్వలేదు. అది పూర్తిగా మోగి ఆగేదాకా ముగ్గురమూ మౌనంగా నిలబడ్డాం.

"ఇది ఫోటో కదప్పా, ఒరిజినల్ ఏది?"

"ఫోటో కాదు సార్. గవర్నమెంట్ యాప్."

"గవర్నమెంటుదైతే గవర్నమెంటుకు చూపించు. నాకు కార్డు చూపించు."

ఇంతకీ తానెవరి తరఫున ఎండలో నిలబడ్డారో ఆ క్షణంలో ఆయన మర్చిపోయినట్టున్నారు. కుర్రాణ్ని పక్కకు నిలబెట్టి, వెనకాల స్కూటర్ పెద్దాయనను పిలిచారు. ఆయన చొక్కా జేబులోంచి ఒక అట్ట తీశాడు. కలర్ జిరాక్స్‌కు లామినేషన్. ఒక మూల ఊడి తేమ దూరింది. ఫోటోలో మనిషి ముక్కు దాకా మిగిలాడు. షాపువాడు అంచు కత్తిరించేటప్పుడు చెల్లుబాటు తేదీలో చివరి అంకె కూడా పోయినట్టుంది. సారు దాన్ని ఎండకెత్తి చూశారు. గోటితో టక్ టక్ మని కొట్టి చూశారు. గట్టిగానే పలికింది. "ఇట్లుండాల" అన్నారు కుర్రాడి వైపు తిరిగి. పెద్దాయన వెళ్లిపోయాడు.

ఇప్పుడు చట్టం సంగతి. ఆ టక్ టక్ మన్న అట్ట అసలు పత్రం కాదు, ఎలక్ట్రానిక్ పత్రమూ కాదు. ఎవరైనా, ఎవరి పేరుతోనైనా, ఏ వీధిలోనైనా తయారుచేయించుకోగల బొమ్మ. ఫోన్లో ఉన్నదేమో రవాణా శాఖ రికార్డులోంచి నేరుగా వచ్చినది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 139వ నిబంధన ఉంది. 2018 నవంబరులో దాన్ని సవరించి లైసెన్సు, ఆర్‌సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ లాంటివన్నీ కాగితం రూపంలో గానీ ఎలక్ట్రానిక్ రూపంలో గానీ చూపించవచ్చని రాశారు. అప్పటికీ కొందరికి అర్థం కాలేదేమోనని 2020 అక్టోబరు 1 నుంచి ఇంకో మెట్టు ఎక్కారు. ఎలక్ట్రానిక్‌గా సరిచూసుకున్న పత్రాలను కాగితం రూపంలో అడగనే కూడదు. పత్రం స్వాధీనం చేసుకోవాల్సినంత తప్పు జరిగినా సరే, అడగకూడదు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

సరిచూడడం ఎలా అంటారా? దానికి వేరే చోటికి పోనక్కర్లేదు. అదే సారు ఇంకో చేతిలో చలానా మిషన్ ఉంది. బండి నంబరు కొడితే ఓనరు పేరు, మోడలు, ఇన్సూరెన్సు ఎప్పటిదాకా ఉందో, పాత చలానాలెన్ని బాకీ ఉన్నాయో వచ్చేస్తాయి. లైసెన్సు నంబరు కొడితే అది బతికుందో లేదో లైసెన్సులన్నీ ఉండే సారథి అనే సర్కారు రికార్డు చెబుతుంది. యాప్‌లోని క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేసి చూసుకునే వీలూ ఉంది. నాలుగేళ్ల కిందటి నో పార్కింగ్ చలానాను క్షణంలో బయటకు లాగే మిషన్‌కు, లైసెన్సు విషయం వచ్చేసరికి మాత్రం చదువు రాదు. మన దగ్గర వసూలు చేయాల్సినది ఉన్నప్పుడు ఆన్‌లైన్, మనం చూపించాల్సినది ఉన్నప్పుడు ఆఫ్‌లైన్.

ఇందులో ఇంకో చమత్కారం ఉంది. 2023లో మన ఆంధ్రప్రదేశ్ రవాణా శాఖ ఇక కార్డులు ముద్రించేది లేదు, డౌన్‌లోడ్ చేసుకోండి అంది. ఆ రోజుల్లో లైసెన్సు తీసుకున్న పిల్లలు ఎంతోమంది. వాళ్ల చేతికి కార్డంటూ రానేలేదు. అలాంటివాణ్ని ఆపి కార్డు తీయమంటే ఎక్కణ్నించి తీస్తాడు? ఒక శాఖ కార్డు ఇవ్వనంది, ఇంకో శాఖ కార్డు లేకుంటే కదలనివ్వనంటుంది. పెళ్లి కూతురు లేదన్నాక కూడా తాళి కట్టమని మేళగాళ్లు వాయిస్తూనే ఉన్నట్టుంది వ్యవహారం.

న్యాయంగా మాట్లాడితే, ఫోన్ చూపించేవాళ్లలోనూ ఘనులున్నారు. గ్యాలరీలో లైసెన్సు ఫోటో తీసుకుని, పెళ్లి ఫోటోలన్నీ దాటుకుంటూ వెతికి చూపిస్తారు. అది చెల్లదు. వాట్సాప్‌లో బామ్మర్ది పంపిన ఆర్‌సీ ఫోటో చెల్లదు. స్క్రీన్‌షాట్ చెల్లదు. డిజిలాకర్‌లోనే ఉన్నా, మనమే స్కాన్ చేసి ఎక్కించుకున్నది చెల్లదు. `Issued` అన్న చోట, రవాణా శాఖ నుంచి దిగివచ్చినదైతేనే అసలుతో సమానం. కేంద్ర రవాణా శాఖ యాప్ ఎం-పరివాహన్‌లో కూడా బండి నంబరు కొట్టి వివరాలు చూపించడం వేరు, ఛాసిస్, ఇంజిన్ నంబర్లిచ్చి మన ఖాతాలో ఆర్‌సీ చేర్చుకోవడం వేరు. మొదటిది ఎవరి బండికైనా చేయొచ్చు, దొంగ కూడా చేయగలడు. రెండోదే పత్రం.

ఆ `Issued` దాకా చేరడమే మనవాళ్లకు గండం. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ముందుంటుంది. లైసెన్సులో అది ఒక అక్షరంగా కుదించుకుపోయి వెనక్కి వెళ్లి కూర్చుంటుంది. రెండూ ఒకే మనిషివని మన వీధిలో పిల్లలకు కూడా తెలుసు, డిజిలాకర్‌కు తెలియదు. పేరు కలవలేదని తిప్పి పంపేస్తుంది. ఇక నాన్న పేరు మీదున్న బండి కొడుకు డిజిలాకర్‌లోకి ఎలా దిగుతుంది? చేత్తో రాసిచ్చిన పాత పుస్తకం లైసెన్సులైతే కొన్ని కంప్యూటర్‌లోకే ఎక్కలేదు. అవి ఆర్టీఓ ఆఫీసులో బ్యాక్‌లాగ్ ఎంట్రీ చేయించుకుంటే తప్ప ఏ యాప్‌లోనూ కనబడవు. వీళ్లందరినీ అసలు కాగితం అడగడంలో తప్పులేదు, వాళ్ల దగ్గర వేరే దారి లేదు. బండి కొనేవాడు ఒరిజినల్ ఆర్‌సీ అడిగితే అదీ న్యాయమే. భాకరాపేట ఘాట్‌లో సిగ్నల్ లేక యాప్ తెరుచుకోకపోతే కూడా జేబులో కార్డే దిక్కు.

నా గొడవ వాటి గురించి కాదు. అన్నీ సరిగ్గా ఉండి, యాప్ తెరుచుకుని, మిషన్ చేతిలో ఉండి, చూడడానికి రెండు నిమిషాలు పట్టని చోట కూడా కార్డే కావాలనడం గురించి. ఇది తెలియనితనమని చాలామంది అనుకుంటారు, ట్రైనింగ్ ఇస్తే సరిపోతుందంటారు. అబ్బే. సార్లకు ఫోన్లు తెలుసు. వాళ్ల లైసెన్సులూ ఫోన్లలోనే ఉంటాయి. కార్డుకున్న ఒకే ఒక గొప్పగుణం ఫోన్‌కు లేదు. కార్డును తీసుకుని జేబులో వేసుకోవచ్చు. "రేపు వచ్చి తీసుకుపో" అనొచ్చు. ఫోన్ను లాక్కుంటే గొడవవుతుంది, లైసెన్సును లాక్కుంటే ఎవడూ మాట్లాడడు. కావలసింది చూడడం కాదు, పట్టుకోవడం. 2020 సవరణ సరిగ్గా ఆ జేబు మీదే కుట్టు వేసింది, అందుకే దాని గురించి ఎవరూ విననట్టు నటిస్తున్నారు.

మా వీధిలో ఆటో నడిపే ఆయన కార్డు ఇలాగే పోయింది. బస్టాండ్ నుంచి అలిపిరికి యాత్రికులను తీసుకెళ్తుంటే ఆపారు. ఫోన్లో చూపించాడు, వద్దన్నారు. కార్డు తీసిచ్చాడు, అది జేబులోకి పోయింది. చలానా రాయలేదు, చీటీ ఇవ్వలేదు. మోటారు వాహనాల చట్టం 206వ సెక్షన్ ప్రకారం లైసెన్సు తీసుకున్న అధికారి అప్పటికప్పుడు తాత్కాలిక రసీదు ఇవ్వాలి. లైసెన్సు తిరిగొచ్చేదాకా గానీ, రసీదులో రాసిన తేదీ దాకా గానీ, ఏది ముందైతే అంతవరకూ ఆ రసీదే లైసెన్సు, దాంతో బండి నడుపుకోవచ్చు. ఇది దయ కాదు, చట్టంలో రాసిన మాట. ఆయన అడిగాడు కూడా. "చట్టం నేర్పిస్తావా?" అన్నారు. నేర్పించాల్సి రావడమే సిగ్గుచేటు సామీ! రోజుకింత అని ఓనరుకు బాడుగ కట్టే మనిషి. ఆటో కదిలినా కదలకున్నా ఆ డబ్బు కట్టాల్సిందే. కార్డు కోసం పొద్దున్నించి పోలీస్ స్టేషన్ మెట్ల మీద కూర్చుంటే, కార్డు తీసుకున్న సారు ఫీల్డులో ఉన్నారు, సాయంత్రం రా అన్నారు. ఆ పూట సంపాదన ఎవరిస్తారు? పిల్లల ఫీజు ఎవరు కడతారు? రెండు మిషన్ బటన్లు నొక్కడానికి బద్ధకం, ఒక పేదవాడి కార్డు నొక్కేయడానికి మాత్రం ఓపిక.

చివరికి విసిగి, మధ్యాహ్నం ఆటో తీశాడు. రెండు సర్కిళ్లు దాటగానే ఇంకో చోట ఆపారు. ఫోన్ తీసి చూపించాడు.

"ఇది కాదు. ఒరిజినల్ ఏది?"

"మీ వాళ్ల దగ్గరే ఉంది సార్."

"అయితే పోయి తీసుకురాపో. అంతవరకూ ఆటో ఈడే ఉంటుంది."