ఫార్వర్డ్ రేటు జోస్యం కాదు
"ఏడాది తర్వాతి డాలర్ ఫార్వర్డ్ రేటు ఎక్కువుందంటే రూపాయి పడిపోతుందని బ్యాంకులు అంచనా వేసినట్టే." ఈ మాటతో నేను ఏకీభవించను. రొయ్యల ఎగుమతి ఆఫీసులో లెక్కలు చూస్తాను, మొదట్లో నేనూ అలాగే అనుకుని టెన్షన్ పడేవాణ్ణి. ఫార్వర్డ్ రేటంటే ఏడాది తర్వాత డాలర్లు ఇచ్చిపుచ్చుకోవడానికి ఇవాళే ఖాయం చేసుకునే ధర. ఆ రేటు వచ్చేది రెండు దేశాల వడ్డీల నుంచి. డాలర్ ఇవాళ 84 రూపాయలు, ఏడాది వడ్డీ ఇక్కడ 7 శాతం, అమెరికాలో 4.5 శాతం అనుకుందాం. ఒక డాలర్ అప్పు తెచ్చి రూపాయల్లోకి మార్చి డిపాజిట్ చేస్తే ఏడాదికి 89.88 అవుతుంది. తీర్చాల్సింది 1.045 డాలర్లు. 89.88ని 1.045తో భాగిస్తే 86.01, అదే ఫార్వర్డ్ రేటు. ఏడాది తర్వాత 85కే డాలర్లు ఇస్తానని బ్యాంకు ఇవాళ ఒప్పుకుంటే అప్పు 88.83తో తీరిపోతుంది, రిస్కు లేకుండా రూపాయి పైనే మిగులుతుంది. అందరూ అదే పనికి దిగితే ఫార్వర్డ్‌లో డాలర్లకు గిరాకీ పెరిగి రేటు మళ్లీ 86 వైపు వస్తుంది. కాకపోతే మన దేశంలో విదేశీ అప్పులకు ఆర్‌బీఐ పరిమితులున్నాయి, అందుకే బ్యాంకు నిజంగా చెప్పే ఫార్వర్డ్ రేటు ఈ లెక్కకు కొంచెం అటూఇటూగా ఉంటుంది. ఏడాది తర్వాత డాలర్ 82కి దిగినా ఈ లెక్క తప్పినట్టు కాదు.