ఎత్తు పెంచే సర్జరీ: ఎముక సాగుతుంది, అసలు పేచీ కండరంతోనే

ఎత్తు పెంచే సర్జరీ కోసం వచ్చేవాళ్లు మొదట అడిగేది ఎన్ని సెంటీమీటర్లు పెరుగుతామని. ప్రకటనలు కూడా ఆ అంకె చుట్టూనే తిరుగుతాయి. కానీ ఆ అంకెను నిర్ణయించేది ఎముక కాదు. రోజుకింత చొప్పున ఎడం చేసుకుంటూ పోతే ఎముక చాలా దూరం కొత్తగా పుట్టగలదు. ఆ వేగాన్ని అందుకోలేనివి ఎముక చుట్టూ ఉన్న కండరాలు, నరాలు, కీళ్లు. ఈ ఆపరేషన్‌లో వచ్చే చిక్కుల్లో ఎక్కువ భాగం అక్కడే పుడతాయి.

నిజానికి ఇక్కడ ఎముకను రబ్బరులా లాగరు. విరిగిన ఎముకను శరీరం అతికించుకునే పనిని, అది పూర్తి కాకుండా వారాల తరబడి వాయిదా వేస్తారు. ఎముకను అడ్డంగా కోశాక ఐదు నుంచి ఏడు రోజులు కదపకుండా వదిలేస్తారు. ఆ వ్యవధిలో కోసిన చోట రక్తం గడ్డకట్టి, చిన్న రక్తనాళాలు అల్లుకుని, మెత్తటి కణజాలం ఏర్పడుతుంది. ఆ తర్వాత రెండు ముక్కలను రోజుకు 1 మిల్లీమీటరు చొప్పున ఎడం చేస్తారు. మధ్యలోని కణజాలం ఆ లాగుడుకు నిలువు పోగులుగా సర్దుకుంటుంది. ఆ పోగుల వెంట రెండు చివరల నుంచీ ఎముక పేరుకుంటూ వస్తుంది. సరిగ్గా నడుమ మాత్రం నార లాంటి పలచని పట్టీ మిగులుతుంది. లాగుతున్నంత కాలం అది ఎముకగా మారదు, ఆపాకే మారుతుంది.

ఈ సూత్రాన్ని పట్టుకున్నది సైబీరియాలోని కుర్గాన్‌లో పనిచేసిన సోవియట్ వైద్యుడు గావ్రీల్ ఇలిజరోవ్. అంతకుముందు, 1905లోనే, ఇటలీకి చెందిన కొడివిల్లా కాలు పొడుగు చేసే ప్రయత్నాలను ప్రచురించాడు. ఆయన ఎముకను కోసి, గట్టిగా ఒక్కసారిగా లాగే పద్ధతి అనుసరించాడు, దాంతో తీవ్రమైన ఇబ్బందులు వచ్చాయి. ఇలిజరోవ్ 1950ల నుంచి ఎముకలోకి సన్నటి తీగలు దూర్చి, వాటిని కాలి చుట్టూ ఉండే ఇనుప రింగులకు బిగించి, నెమ్మదిగా జరిపాడు. కుక్కల మీద చేసిన ప్రయోగాల్లో వేగాన్ని మార్చి చూశాడు. రోజుకు అర మిల్లీమీటరైతే ఎముక ముందే అతుక్కుపోయే ప్రమాదం ఉంది. 2 మిల్లీమీటర్లైతే ఎముక సరిగా పుట్టలేదు, చుట్టూ ఉన్న కణజాలమూ దెబ్బతింది. 1 మిల్లీమీటరునే ఒక్కసారిగా కాకుండా ఆరు గంటలకోసారి పావు మిల్లీమీటరు చొప్పున లాగితే ఫలితం మెరుగ్గా వచ్చింది. ఇప్పటికీ ఆపరేషన్ తర్వాత ఇచ్చే చీటీలో ఉండే లెక్క అదే.

ఇవాళ ఎత్తు కోసం చేసే సర్జరీల్లో తొడ ఎముక లోపల పెట్టే అయస్కాంత రాడ్‌కు మొగ్గు ఎక్కువ. ఇది ఒకదానిలో ఒకటి జారే రెండు గొట్టాలు. లోపల చిన్న అయస్కాంతం, పళ్ల చక్రాలు, మర ఉంటాయి. తొడ మీద బయటి యంత్రాన్ని ఆనిస్తే, అందులో తిరిగే అయస్కాంతాలు లోపలిదాన్ని తిప్పుతాయి, రాడ్ పావు మిల్లీమీటరు సాగుతుంది. చర్మం బయట ఇనుము ఉండదు కాబట్టి తీగల చుట్టూ చీము పట్టే బాధ తప్పుతుంది. అయితే రాడ్ తీసేదాకా ఎమ్మారై స్కాన్ కుదరదు.

ఆపరేషన్‌లో క్రమం ముఖ్యం. రాడ్ పట్టాలంటే ఎముక లోపలి మజ్జ గొట్టాన్ని బర్మాతో వెడల్పు చేయాలి. అలా చేసేటప్పుడు లోపల ఒత్తిడి పెరిగి, మజ్జలోని కొవ్వు బిందువులు రక్తంలోకి వెళ్లి ఊపిరితిత్తులకు చేరవచ్చు. రెండు తొడలకూ ఒకే రోజు చేస్తే ఆ ముప్పు ఇంకా పెరుగుతుంది. అందుకే అనుభవమున్న సర్జన్ ముందుగా ఎముకను కోయబోయే చోట చిన్న రంధ్రాలు వేస్తాడు. ఒత్తిడి వాటిలోంచి బయటికి పోతుంది, బర్మా తోడిన ఎముక పొడి కూడా ఆ రంధ్రాల చుట్టూ చేరి తర్వాత కొత్త ఎముకకు ఎరువులా పనికొస్తుంది. ఆ తర్వాతే ఉలితో రంధ్రాలను కలుపుతూ ఎముకను విడదీస్తాడు. వేగంగా తిరిగే రంపం వాడితే ఆ వేడికి ఎముక అంచులు చచ్చిపోతాయి. ఎముక మీది పలచని పొరను ఎంత తక్కువ చెదరగొడితే అంత మంచిది. కొత్త ఎముకకు కణాలను, రక్తాన్ని అందించేవాటిలో అది ముఖ్యమైనది.

ఒక ఊహాత్మక ఉదాహరణతో లెక్క కడదాం. తొడ ఎముక 44, దాని కింది టిబియా 35 సెంటీమీటర్లున్న ఆరోగ్యవంతుడైన పెద్దవాడు. రెండు తొడల్లోనూ రాడ్లు వేయించుకున్నాడు. లక్ష్యం 6 సెంటీమీటర్లు. ఎనిమిదో రోజున సాగదీయడం మొదలైంది. రోజుకు 1 మిల్లీమీటరు చొప్పున 42వ రోజుకు 35 మిల్లీమీటర్లు వచ్చాయి. మొదటి మూడు వారాలు హాయిగానే గడిచాయి. నాలుగో వారం దాటాక తొడ ముందు కండరం బిగుసుకుంది, మోకాలి వంపు 100 డిగ్రీల నుంచి 55కి పడిపోయింది. వెనక కండరం కూడా బిగిసి మోకాలు పూర్తిగా చాపడానికి రావడం లేదు. పడుకుంటే నడుము కింద చెయ్యి పట్టేంత ఖాళీ కనిపిస్తోంది, అంటే తుంటి ముందు కండరాలు కటిని ముందుకు వంచేస్తున్నాయి. రాత్రి నిద్ర లేదు.

ఇక్కడ తెలివైన వైద్యుడు చేసేది వేగం తగ్గించడం. రోజుకు 0.75 మిల్లీమీటరు చేశారు. ఇంకో 20 రోజులకు, అంటే 62వ రోజుకు, 15 మిల్లీమీటర్లు కలిసి మొత్తం 5 సెంటీమీటర్లయింది. మోకాలు మాత్రం తిరిగి వంగడం లేదు. అక్కడితో ఆపేశారు. లక్ష్యంలో 1 సెంటీమీటరు తక్కువే. నా లెక్కలో ఇది విజయవంతమైన కేసు. లక్ష్యం కోసం పట్టుబట్టి ఇంకో పది రోజులు లాగించుకునేవాళ్లే తర్వాత మోకాలి కోసం మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కుతారు.

కండరం ఎందుకు వెనకబడుతుంది? దానికీ కొత్త కణాలు చేరతాయి గానీ, పెద్దవాళ్లలో ఆ పెరుగుదల ఎముక వేగాన్ని అందుకోదు. మిగిలిన తేడాను కండరం సాగి భరించాలి. రోజుకు చాలాసార్లు, గంటల తరబడి మోకాలు, తుంటి సాగదీసే వ్యాయామం అందుకే. దాన్ని ఆపరేషన్ తర్వాతి ఓదార్పుగా చూడకూడదు, అది ఆపరేషన్‌లో సగం. రాడ్ సరిగా పనిచేసి ఫిజియోథెరపీ లేని కాలు వంకరపోయిన కీలుతో పొడవవుతుంది. అప్పుడు నిలబడితే ఆ పొడవులో కొంత వంపులోనే కరిగిపోతుంది.

నరం మరీ సున్నితం. పాదం పైభాగాన గుడ్డ తగిలినా మంట పుట్టడం తొలి గుర్తు. తిమ్మిరి తర్వాత వస్తుంది, బొటనవేలు పైకి ఎత్తలేకపోవడం ఇంకా ఆలస్యంగా కనిపిస్తుంది. మొదటి గుర్తు దగ్గరే వేగం తగ్గిస్తే ఎక్కువగా కోలుకుంటుంది. బలహీనత మొదలయ్యేదాకా ఆగితే నరాన్ని బిగించిన కణజాలాన్ని కోసి, నరాన్ని వదులు చేయాల్సి రావచ్చు. పాదం పైకి లేవకుండా ఉండిపోయే అవకాశమూ ఉంది.

ఎముక వైపు రెండు రకాల తప్పులు జరుగుతాయి. ముందే అతుక్కుపోతే నొప్పి హఠాత్తుగా పెరుగుతుంది. యంత్రం తిరుగుతున్నా ఎక్స్‌రేలో ఖాళీ పెరగదు, మళ్లీ కోయాలి. ఇందుకు విరుద్ధంగా ఎముక పుట్టడం మందగిస్తే ఖాళీ నల్లగా కనిపిస్తుంది, లేదా నడుమ సన్నగిల్లి ఇసుక గడియారంలా ఉంటుంది. అప్పుడు ఆపడం, కొద్దిగా వెనక్కి దగ్గర చేయడం, చివరికి వేరేచోటి ఎముక తెచ్చి పెట్టడం దాకా వెళ్లాలి. పొగతాగేవాళ్లలో ఈ చిక్కు ఎక్కువ. నొప్పికి వాడే ఇబుప్రొఫెన్ తరహా మందులు కూడా ఎముక పుట్టుకకు అడ్డమని చాలామంది సర్జన్లు వాటిని దూరం పెడతారు.

ఆపాక కథ అయిపోదు. పెద్దవాళ్లలో ప్రతి సెంటీమీటరుకు మొత్తం మీద నెల నుంచి నెలన్నర పడుతుందని లెక్క వేసుకోవాలి. మన ఉదాహరణలో అంటే ఐదు నుంచి ఏడున్నర నెలలు. ఎక్స్‌రేలో ముందూ వెనకా, కుడీ ఎడమా నాలుగు అంచుల్లో కనీసం మూడు గట్టిపడ్డాకే పూర్తి బరువు వేయనిస్తారు. సాధారణ టైటానియం రాడ్ అప్పటిదాకా మనిషి పూర్తి బరువు మోయదు. తొందరపడితే రాడ్ వంగవచ్చు, విరగవచ్చు. ఆ లోపాన్ని సరిచేయాలని బరువు మోసే ఉక్కు రాడ్ స్ట్రైడ్ వచ్చింది. గొట్టాలు కలిసే చోట తుప్పు పట్టి పక్క ఎముక దెబ్బతింటోందని తేలడంతో తయారీ సంస్థ 2021లో దాన్ని మార్కెట్ నుంచి ఉపసంహరించుకుంది. కొత్త రాడ్ గురించి ఎవరు గొప్పగా చెప్పినా, ఎన్నేళ్ల ఎక్స్‌రేలు చూపించగలరో అడగండి.

తొడలో ఇంకో సంగతి ప్రకటనల్లో కనిపించదు. తొడ ఎముక నిటారుగా ఉండదు, తుంటి నుంచి లోపలికి వాలి ఉంటుంది. రాడ్ దాని వాలులోనే సాగుతుంది కాబట్టి, బరువు మోకాలి గుండా దిగే గీత ప్రతి సెంటీమీటరుకు సుమారు 1 మిల్లీమీటరు బయటికి జరుగుతుంది. కాళ్లు ముందే లోపలికి వంగి మోకాళ్లు రాసుకునేవాళ్లకు ఇది నష్టం. అలాంటివాళ్లలో వాలును ముందే సవరించి రాడ్ వేయాలి. నిలబెట్టి కాలు మొత్తం తీసే ఎక్స్‌రే లేకుండా ప్లాన్ వేసే చోటి నుంచి లేచి వచ్చేయడం మేలు.

మోకాలి కింద చేస్తే లెక్క మారుతుంది. టిబియాతో పాటు పక్కనున్న సన్న ఎముకనూ కోయాలి, రెండూ విడిపోకుండా చీలమండ దగ్గర స్క్రూ బిగించాలి. అక్కడ మొదట ఎదురుతిరిగేది మడమ వెనక స్నాయువు. మడమ నేలకు ఆనకుండా మునివేళ్ల మీద నిలబడే స్థితి వస్తుంది. ఎముక పుట్టుక కూడా తొడ కంటే నెమ్మది. అందుకే టిబియాకు 5 సెంటీమీటర్ల దగ్గరే గీత గీసేవాళ్లు ఎక్కువ. తొడ రాడ్ 8 దాకా సాగగలదు, కానీ రాడ్ సాగడం వేరు, మనిషి సాగడం వేరు.

ఇంతా చేశాక అద్దంలో ఏం కనిపిస్తుంది? మన ఉదాహరణలో నిలబడినప్పుడు 5 సెంటీమీటర్లు పెరిగింది. కూర్చుంటే ఏమీ పెరగలేదు, చేతులు అంతే. టిబియా, తొడ ఎముకల నిష్పత్తి 0.80 నుంచి 0.71కి పడింది. 5 సెంటీమీటర్లకే ఇది కొంచెం కనిపిస్తుంది, 8 అయితే ఎవరికైనా తెలుస్తుంది. నడక మామూలవుతుంది. పరుగులో ఊపు, పాత ఆటలోని చురుకు పూర్తిగా తిరిగొస్తాయని మాటివ్వలేం.

ఒక కాలు 4, 5 సెంటీమీటర్లు పొట్టిగా ఉండి నడుము వంగిపోయినవాడికి ఈ కష్టమంతా తగిన బేరమే, అతను పొందేది సమానమైన నడక. తేడా 2 సెంటీమీటర్ల లోపుంటే చెప్పులో ఎత్తు చాలు. ఆరోగ్యంగా ఉన్న రెండు కాళ్లను కోయించుకునేవాడి విషయం వేరు. అతను సర్జన్‌ను అడగాల్సిన ప్రశ్న, మోకాలు ఎన్ని డిగ్రీలకు పడిపోతే నన్ను అడగకుండానే ఆపేస్తారు అని. ఆ అంకె మొదటి రోజే కేస్‌షీట్‌లో రాసి ఉండాలి, 45వ రోజు నొప్పిలో, ఆశలో కూర్చుని బేరమాడేది కాదు.